"తెల్లవారితే శుక్రవారం" అని ఉంటే బస్సు గురువారమే కావాలి

ప్రశ్న: పెళ్ళి శుభలేఖను ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు. తేదీ, వేదిక చదివాను. సరిగ్గానే చదివానో లేదో మళ్ళీ ఎలా చూసుకోవాలి?

ముందు వారం పేరు చూడండి, అంకె సంగతి తరువాత. శుభలేఖ మొత్తం మీద నేను నమ్మేది వారం పేరునే. అది కూడా ముహూర్తం ఉన్న వరుసలోని వారం, కింద విందు వరుసలో ఉన్నది కాదు.

మాది రావులపాలెం. పెళ్ళిళ్ళకు బస్సులు, కార్లు మాట్లాడి పంపడం నా పని. పూర్వం శుభలేఖ చేతికి ఇచ్చి, పక్కన కూర్చుని, ఎక్కడికి ఎప్పుడు రావాలో చెప్పేవారు. ఇప్పుడు ఫొటో పంపి "చూడగలరు" అని ఊరుకుంటున్నారు. ఆ ఫొటోలో సగం బొటనవేలు, సగం వినాయకుడు. బంగారు రంగు అక్షరాల మీద ఫ్లాష్ పడితే ఆ చోటంతా తెల్లగా వెలిగిపోతుంది, అక్షరం మిగలదు. అట్టను కిటికీ దగ్గర పరిచి, ఫ్లాష్ లేకుండా తీసి, వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపితే చిన్న అక్షరాలు కూడా నిలుస్తాయి. ఎంతమందికి చెప్పినా మళ్ళీ అదే ఫ్లాష్.

2025 మే నెల పెళ్ళి ఒకటి చెబుతాను, మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. హైదరాబాదు నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. పెళ్ళికూతురితో కలిసి పనిచేసేవాళ్ళు ఒక బస్సెడు మంది వస్తున్నారు. "తొమ్మిదో తేదీ పొద్దున తణుకులో రైలు దిగుతామండి. ఆ రాత్రికి గోపాలపురంలో పెళ్ళి. సాయంత్రానికి బస్సు కావాలి" అన్నాడు. శుభలేఖ ఫొటో పంపించమన్నాను. పంపాడు, తాను రెండుసార్లు సరిచూసుకున్నానని కూడా చెప్పాడు.

ఫొటోలో మడత సరిగ్గా తేదీ మీదుగా వెళ్ళింది. అంకె ఎనిమిదో తొమ్మిదో తేలడం లేదు. దాని పక్కన వారం పేరులో మొదటి అక్షరాలు ఫ్లాష్‌లో పోయాయి. మిగిలింది ఇంత: "వైశాఖ శుద్ధ ద్వాదశి ... వారం రాత్రి గం. 2-48 ని.లకు (తెల్లవారితే శుక్రవారం) హస్తా నక్షత్రయుక్త మీన లగ్నమందు".

ఆ అబ్బాయి చేసిన సరిచూపు వినండి. శుక్రవారం అని కనబడింది. మే 9 శుక్రవారం. గోడ మీది క్యాలెండరులో 9వ తేదీ గడిలో ద్వాదశి అని ఉంది. అంకె తొమ్మిదిలా కూడా ఉంది. మూడూ కలిశాయి కాబట్టి తొమ్మిదో తేదీ రాత్రి పెళ్ళి అని రూఢి చేసుకుని, ఎనిమిది రాత్రికి రైలు టిక్కెట్లు తీశాడు. ఆ టిక్కెట్లతో వస్తే, వాళ్ళు తణుకులో దిగే వేళకు తలంబ్రాలు కూడా అయిపోయి ఉంటాయి.

"తెల్లవారితే శుక్రవారం" అంటే తెల్లవారాక వచ్చేది శుక్రవారం, పెళ్ళి జరిగే రాత్రి గురువారం రాత్రి. మన లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలై మళ్ళీ సూర్యోదయం దాకా నడుస్తుంది. అర్ధరాత్రికి తేదీ మారేది గడియారం లెక్కలోనే. కాబట్టి రాత్రి 2-48 అంటే పంచాంగం ప్రకారం ఇంకా గురువారమే, ఫోనులో మాత్రం తొమ్మిదో తేదీ శుక్రవారం. రెండూ నిజమే. అయితే బస్సు నిలబడవలసింది ఎనిమిదో తేదీ గురువారం సాయంత్రం. మడత కింది అంకె ఎనిమిది, ఫ్లాష్‌లో పోయిన అక్షరాలు "గురు". అతను తొమ్మిదో తేదీ రాత్రి అనుకున్నట్టే అయితే, అక్కడ "తెల్లవారితే శనివారం" అని ఉండాలి.

ఇక తిథి. క్యాలెండరు గడిలో పెద్దగా వేసేది సూర్యోదయానికి ఉన్న తిథి. పక్కన చిన్న అక్షరాల్లో అది ఎంతవరకు ఉంటుందో వేస్తారు. దాన్ని ఎవరూ చదవరు. ఆ మే 8న గడిలో ఏకాదశి. అది మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో వెళ్ళిపోయి ద్వాదశి వచ్చింది. ఆ ద్వాదశి 9వ తేదీ మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతం దాకానే ఉంది. శుభలేఖలో వేసేది ముహూర్తం వేళకు ఉన్న తిథి. రాత్రి 2-48కి ద్వాదశి ఉండేది 8వ తేదీ రాత్రి మాత్రమే. 9వ తేదీ రాత్రి అదే వేళకు త్రయోదశి. నక్షత్రం కూడా అదే చెప్పింది. హస్త 8వ తేదీ రాత్రి తొమ్మిది ప్రాంతంలో వచ్చి, 9వ తేదీ అర్ధరాత్రి ప్రాంతంలో వెళ్ళిపోయింది. 9వ తేదీ రాత్రి 2-48కి ఉండేది చిత్త. పంచాంగానికీ పంచాంగానికీ కొన్ని నిమిషాలు తేడా ఉండవచ్చు, ఇక్కడ గంటల తేడా ఉంది కాబట్టి అనుమానానికి చోటు లేదు.

ఇవన్నీ చెప్పి "బాబూ, ఏడో తేదీ రాత్రే బయలుదేరండి" అన్నాను. అతను నమ్మలేదు. "క్యాలెండరులో కూడా చూశానండి" అన్నాడు. ఈ ధోరణి మీదే నాకు కోపం. ఒకసారి తొమ్మిది అనుకున్నాక, ఆ తొమ్మిదికి కలిసే వాటినే వెతుక్కుని చూడటం సరిచూడటం కాదు. చదివిన జవాబును పక్కన పెట్టి, ఎనిమిది అయితే ఏమేమి ఉండాలి, తొమ్మిది అయితే ఏమేమి ఉండాలి అని రెండూ రాసుకుని, శుభలేఖ దేనికి ఒప్పుకుంటుందో చూడాలి. ఎనిమిదికి అన్నీ ఒప్పుకున్నాయి. తొమ్మిదికి తిథి, నక్షత్రం, తెల్లవారితే అన్న మాట మూడూ అడ్డం తిరిగాయి.

వారం పేరు కూడా ఆదుకోని చోటు ఒకటి ఉంది. 1కీ 8కీ, 2కీ 9కీ ఏడు రోజుల తేడా, అంటే వారం ఒకటే. అలంకారపు అక్షరాల్లో ఆ అంకెలే మసకగా ఉంటే వారం తేల్చలేదు. అప్పుడు తిథినే పట్టుకోవాలి, ఏడు రోజుల్లో తిథి ఎటూ మారిపోతుంది.

ఆ అబ్బాయికి వేదిక కూడా తప్పిపోయింది. శుభలేఖలో "మా స్వగృహమందు, గోపాలపురం, తూ.గో. జిల్లా" అని ఉంది. మండలం పేరు ఫొటో అంచున తెగిపోయింది. అతను మ్యాపులో "గోపాలపురం, తూర్పు గోదావరి" అని కొట్టాడు. అది దేవరపల్లి అవతల మెట్టలో ఉన్న గోపాలపురం చూపించింది. జిల్లా కూడా కలిసింది కదా అని సంతోషించాడు. పెళ్ళికూతురి ఊరు మా రావులపాలెం మండలంలోని గోపాలపురం, సిద్ధాంతం దగ్గర వసిష్ఠ వంతెన దాటగానే వచ్చేది. తణుకు నుంచి ఒకటి ఒక దిక్కు, రెండోది మరో దిక్కు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అంతకు ముందు మా గోపాలపురం తూర్పు గోదావరిలో, మెట్ట గోపాలపురం పశ్చిమ గోదావరిలో ఉండేవి. ఇప్పుడు మాది కోనసీమ జిల్లా, మెట్టది తూర్పు గోదావరి. పెద్దవాళ్ళు అలవాటు కొద్దీ పాత జిల్లాయే రాయిస్తారు, ప్రెస్సువాళ్ళు పాత మ్యాటరులో పేర్లు మార్చి అచ్చు వేస్తారు. అందుకే మా ఊళ్ళ శుభలేఖల మీద జిల్లా పేరును నేను లెక్కలోకి తీసుకోను. పిన్‌కోడు చూస్తాను. జిల్లాలు మారినా అవి మారలేదు. 533తో మొదలైతే రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, మా రావులపాలెం వైపు. 534 అయితే ఏలూరు, భీమవరం, తణుకు, కొవ్వూరు వైపు, మెట్ట గోపాలపురం కూడా అందులోదే. కవరు ఫొటో తీసి పంపించమన్నాను. పంపినవారి చిరునామా కింద 533 ఉంది. అప్పుడు గానీ అతను దిగిరాలేదు. ఏడో తేదీ రైలులో బెర్తులు దొరకక సగం మంది బస్సులో వచ్చారు. అందరూ ముహూర్తానికి మాత్రం ఉన్నారు.

ఫోన్ చేసి అడిగితే సరిపోదా అంటారు. అడగండి, కానీ "ఎనిమిదో తేదీనే కదండీ?" అని అడగకండి. పెళ్ళి పనుల్లో ఉన్న మా గోదావరివాళ్ళు దేనికైనా "ఆయ్" అంటారు, మీరు తొమ్మిది అన్నా అదే జవాబు. "ముహూర్తం ఏ రాత్రి? ఆ రోజు పగలు ఏ వారం?" అని అడిగి, వాళ్ళ నోటితోనే చెప్పించాలి. ఇంట్లో ఇంకొకరి చేత చదివించినా అంతే, మీ జవాబు చెప్పకుండా ఫొటో ఒక్కటే ఇవ్వండి.

లొకేషన్ పంపించమని అడిగేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. చాలామంది తాము అప్పుడు నిలబడి ఉన్న చోటునే పంపేస్తారు. ఈ పెళ్ళిలోనే పెళ్ళికూతురి అన్నయ్య పంపిన లొకేషన్ రాజమండ్రిలో ఒక బట్టల కొట్టు. అందుకే ఊళ్ళోకి వచ్చాక ఏ గుడి, ఏ కాలువ వంతెన అని అడిగి తెలుసుకుని డ్రైవరుకు ఇలా రాసి పంపాను: "మే 8 గురువారం సాయంత్రం తణుకు స్టేషను. గోపాలపురం, రావులపాలెం మండలం, వంతెన దిగగానే. ముహూర్తం ఆ రాత్రే, అర్ధరాత్రి దాటాక 2-48." దానితో పాటు శుభలేఖ ఫొటో, కవరు ఫొటో రెండూ పంపి, నేను రాసినదానితో కలవని అక్షరం ఏదైనా కనబడితే ఫోన్ చేయమన్నాను.