నాయనమ్మ చదివే కాగితం

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నాయనమ్మ గురించి షుగర్ డాక్టరుతో ఫోన్లో మాట్లాడిన ట్రాన్‌స్క్రిప్టు, దాని రెండు పేజీల సారాంశం చూశాను. ఆ సారాంశాన్ని నాయనమ్మ రోజూ చూసుకునే కాగితంగా తేలిక మాటల్లోకి మార్చే ముందు ఒక పని చెయ్యి. సారాంశాన్ని పక్కన పెట్టి ట్రాన్‌స్క్రిప్టులో డాక్టరు మాటలు మాత్రమే చదువు. 'అయితే', 'తినకపోతే', 'వద్దు' అన్న మాటలున్న ప్రతి వాక్యం కింద గీత గియ్యి. సారాంశంలో ముందుగా ఎగిరిపోయేవి ఇవే.

ఈ సారాంశంలోనూ అదే జరిగింది. అందులో ఉన్నది ఇది: 'గ్లిమెపిరైడ్ 1 మి.గ్రా. ఉదయం ఆహారానికి ముందు ప్రారంభించవలెను. హైపోగ్లైసీమియా లక్షణాలు గమనించవలెను.' ట్రాన్‌స్క్రిప్టులో డాక్టరు అన్నది ఇది: 'టిఫినుకు ముందు ఒకటి. ఏ రోజైనా టిఫిను తినకపోతే ఆ రోజు ఈ మాత్ర వద్దు. వణుకు, చెమట వస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చేయండి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి.' అసలు ప్రాణమంతా ఆ రెండో వాక్యంలో ఉంది. తిన్నా తినకపోయినా ఈ మాత్ర ఒంట్లో ఇన్సులిన్‌ను ఊరిస్తుంది. పొట్ట ఖాళీగా ఉంటే షుగర్ పడిపోతుంది. ఆవిడ శనివారం ఒక్కపొద్దు ఉంటుంది కదా! కాకపోతే శనివారం మాట డాక్టరు అనలేదు. నీ అంతట నువ్వు కాగితంలో చేర్చకు, ఒకసారి ఫోన్ చేసి అడిగాకే రాయి. అంకెలు కూడా అప్పుడే సరిచూసుకో. విని టైపు చేసే యంత్రానికి ఫిఫ్టీన్, ఫిఫ్టీ రెండూ ఒకలాగే వినిపిస్తాయి. మందుల చీటీ పక్కన పెట్టుకుని ప్రతి అంకె మీదా టిక్కు కొట్టు.

తర్వాత వరస మార్చు. సారాంశం మాట్లాడుకున్న వరసలో నడుస్తుంది: ముందు రిపోర్టులు, తర్వాత కారణాలు, చివర మందులు. ఆవిడకు కావలసింది పొద్దున లేచిన దగ్గర నుంచి పడుకునే దాకా ఏం చెయ్యాలన్నది. మూడు నెలల సగటు షుగర్ ఎంత, మందు ఎందుకు మార్చారు అన్నవి వేరే కాగితం మీద రాసి మీ నాన్న దగ్గర ఉంచు. ఆవిడ అడిగితే నోటితో చెప్పండి. బరువైన సంగతి కదా అని దాచమని కాదు, రోజూ చూసే కాగితంలో దానికి పని లేదు, అంతే.

ఇప్పటికే వేసుకుంటున్న పాత మాత్రతో కలిపి, మందుల సంగతి ఇలా ఉండాలి:

పొద్దున: కొత్త మాత్ర ఒకటి. వేసుకోగానే టిఫిను తినాలి.
టిఫిను తినని రోజు కొత్త మాత్ర వేసుకోవద్దు.
మధ్యాహ్నం అన్నం తిన్నాక: పాత మాత్ర ఒకటి.
రాత్రి తిన్నాక: పాత మాత్ర ఒకటి.
వణుకు, చెమట వస్తే: వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. ఇంట్లో వాళ్లను పిలవాలి. పావుగంట తర్వాత మళ్లీ చూడాలి.

ఒక వాక్యంలో ఒకటే పని. 'హైపోగ్లైసీమియా'ను 'రక్తంలో చక్కెర శాతం తగ్గుట' అని తెలుగు చేస్తే బరువు దిగదు. ఆవిడకు తెలిసేది వణుకూ చెమటా, అవే రాయి. 'తెల్ల మాత్ర, పచ్చ మాత్ర' అని మాత్రం రాయకు. షాపువాడు వేరే కంపెనీది ఇస్తే రంగు మారిపోతుంది. డబ్బాల మీదే 'కొత్త', 'పాత' అని లావు స్కెచ్‌పెన్నుతో రాసి అంటించు.

అక్షరాలు 20 పాయింట్లకు తగ్గకుండా ప్రింటు తియ్యి. తెలుగుకు వరసల మధ్య ఖాళీ ఎక్కువ కావాలి, లేకపోతే పై వరస వత్తులు కింది వరస గుడుల మీద పడతాయి. అంతా బోల్డు చేస్తే సున్నలూ గుడులూ పూడుకుపోతాయి. 'వద్దు' అన్న వాక్యం ఒక్కటీ బోల్డు చెయ్యి, చాలు. కాగితానికి ఒక వైపే రాయి. లామినేషన్ వద్దు, ట్యూబులైటు కింద మెరుస్తుంది.

ఇచ్చాక 'అర్థమైందా?' అని అడగకు. మనవరాలు అడిగితే ఏ నాయనమ్మైనా 'ఆఁ' అంటుంది. 'రేపు టిఫిను తినబుద్ధి కాలేదనుకో, ఏ మాత్ర వేసుకుంటావు?' అని అడుగు. ఎక్కడ తడబడితే ఆ వాక్యం మార్చు, ఆవిడ జవాబులో వాడిన మాటే అక్కడ పెట్టు.

కాగితం పైన తేదీ వెయ్యి. మందు మారిన రోజు పాత కాగితం మీద కొట్టివేతలు పెట్టకుండా కొత్తది ప్రింటు తీసి, పాతది ఫ్రిజ్ మీద నుంచి పీకి చించెయ్యి.

మీ పెదనాన్న