ట్రయల్ బ్యాలెన్స్ కలిశాక బయటపడ్డ తప్పులకు సస్పెన్స్ ఖాతా వాడాలా?

ప్రశ్న: ట్రయల్ బ్యాలెన్స్ టాలీ అయింది, కానీ తప్పులు ఉన్నాయని తర్వాత తెలిసింది. సవరణ ఎంట్రీలో సస్పెన్స్ ఎప్పుడు రాయాలి, ఎప్పుడు రాయకూడదు? మా సార్ ఒక లెక్కలో వాడారు, ఇంకో లెక్కలో వాడలేదు.

జవాబు:

ట్రయల్ బ్యాలెన్స్ కలిసిందా లేదా అని కాదు, ఆ తప్పు ఏయే ఖాతాల్ని పాడుచేసిందో చూడండి. డెబిట్ వైపు, క్రెడిట్ వైపు ఒకే మొత్తం తప్పుపడి ఉంటే ఆ ఖాతాల మధ్యే సవరణ అయిపోతుంది, సస్పెన్స్‌తో పని లేదు. తప్పు ఒక్క ఖాతాలోనే ఉంటే, ఎంట్రీకి రెండో కాలు ఉండదు. అప్పుడే సస్పెన్స్ (తెలుగు మీడియం వాళ్ల అనామతు ఖాతా) వస్తుంది.

నేను మోటార్లు, పైపులు అమ్మే హోల్‌సేల్ షాపులో లెక్కలు చూస్తాను. ఒకసారి మార్చిలో వసూళ్లకని బాకీల లిస్టు తీస్తే, ఒక పాత కస్టమర్ పేరు మీద 7,500 క్రెడిట్ బ్యాలెన్స్ ఉంది, అంటే మేమే ఆయనకు బాకీ అన్నట్టు! ఆయన మాకు ఎప్పుడూ సరుకు అమ్మలేదు, అడ్వాన్సూ ఇవ్వలేదు. బిల్లు తీసి చూస్తే, ఆయనకు అరువు మీద ఇచ్చిన పైపుల్ని కొనుగోళ్ల కింద ఎక్కించారు. జీఎస్టీ పక్కన పెట్టి చెబుతున్నా.

పుస్తకాల్లో పడింది: కొనుగోళ్లు డెబిట్ 7,500, కస్టమర్ క్రెడిట్ 7,500.
పడాల్సింది: కస్టమర్ డెబిట్ 7,500, అమ్మకాలు క్రెడిట్ 7,500.

పడిన దాంట్లోనూ రెండు వైపులూ సమానమే కాబట్టి ట్రయల్ బ్యాలెన్స్‌కి చీమ కుట్టినట్టయినా లేదు. సవరణ ఇలా:

కస్టమర్ ఖాతా డెబిట్ 15,000
కొనుగోళ్ల ఖాతాకు 7,500
అమ్మకాల ఖాతాకు 7,500

చాలామంది ఇక్కడ కస్టమర్‌ని 7,500కే డెబిట్ చేసి ఆగిపోతారు. దాంతో ఆయన బ్యాలెన్స్ సున్నా అవుతుందే తప్ప ఆయన మనకివ్వాల్సిన 7,500 కనిపించదు. తప్పుని రద్దు చేయడానికి ఒక 7,500, అసలు అమ్మకం రాయడానికి ఇంకో 7,500 కావాలి. సరిచూసుకోవడానికి లాభం వైపు నుంచి రండి. కొనుగోళ్లు 7,500 ఎక్కువ, అమ్మకాలు 7,500 తక్కువ పడ్డాయి కాబట్టి లాభం 15,000 తగ్గి ఉంటుంది. కస్టమర్ ఖాతా మారిందీ అంతే.

ఇక మీ సార్ సస్పెన్స్ వాడిన లెక్క బహుశా ఒకదాన్నొకటి కప్పేసుకునే తప్పులది. కొనుగోళ్ల పుస్తకం మొత్తం 1,000 ఎక్కువ వేశారు, అమ్మకాల పుస్తకం మొత్తం కూడా 1,000 ఎక్కువే వేశారు అనుకోండి. డెబిట్‌లో వెయ్యి, క్రెడిట్‌లో వెయ్యి పెరిగాయి, కాబట్టి టాలీ అయింది. రెండూ ఒకేసారి దొరికితే అమ్మకాలు డెబిట్, కొనుగోళ్లు క్రెడిట్ 1,000, అంతే. కానీ పుస్తకాలు తిరగేస్తుంటే ముందు ఒక్కటే దొరుకుతుంది. అది ఒక్క ఖాతాలోని తప్పు, కాబట్టి సస్పెన్స్ డెబిట్, కొనుగోళ్లు క్రెడిట్ 1,000. రెండోది దొరికాక అమ్మకాలు డెబిట్, సస్పెన్స్ క్రెడిట్ 1,000. సస్పెన్స్ తెరుచుకుని, మూసుకుపోయింది.

నాకు బాగా పనికొచ్చేది ఈ మధ్యలోని దశ. కలిసిన ట్రయల్ బ్యాలెన్స్‌లో ఒక్క ఖాతాలోని తప్పు దొరికిందంటే, దాన్ని కప్పిపెట్టినది ఇంకెక్కడో ఉన్నట్టే. పై ఉదాహరణలో సస్పెన్స్‌లో 1,000 డెబిట్ మిగిలింది కదా, అంటే ఇంకెక్కడో ఏదో క్రెడిట్ వెయ్యి ఎక్కువైనా పడి ఉండాలి, ఏదో డెబిట్ వెయ్యి తక్కువైనా పడి ఉండాలి. లేదా చిన్న తప్పులు కొన్ని కలిసి వెయ్యి అయి ఉండాలి. సస్పెన్స్ సున్నా అయ్యేదాకా వెతకాల్సిందే. టాలీ సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ఈ రకం దాదాపు కనపడదు. కూడికలు అదే వేసుకుంటుంది, డెబిట్ క్రెడిట్ కలవకపోతే వోచర్‌ని తీసుకోదు. కానీ నేను చెప్పిన కస్టమర్ బిల్లు లాంటి తప్పుని నోరెత్తకుండా తీసుకుంటుంది.

ఒకటి గమనించండి. ఏడాది లెక్కలు మూసేశాక ఆ బిల్లు బయటపడి ఉంటే కొనుగోళ్లు, అమ్మకాల ఖాతాలు అప్పటికే లాభనష్టాల్లో కలిసిపోయి ఉంటాయి. సొంత వ్యాపారమైతే కస్టమర్ డెబిట్ 15,000, లాభనష్టాల సర్దుబాటు ఖాతా క్రెడిట్ 15,000 రాసి, ఆ నిల్వని యజమాని మూలధనానికి మళ్లిస్తారు.