రమ్యకు పిన్ని రాసిన జర్మన్ పాఠం

చిరంజీవి రమ్యకు పిన్ని ఆశీస్సులు.

జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా బి2 స్థాయి జర్మన్ అడుగుతారు. నైట్ డ్యూటీల మధ్య క్లాసుకి వెళ్లలేనని, ఇంట్లోనే చదువుతానని అన్నావు. కోర్సు పుస్తకమా, స్థాయిని బట్టి రాసిన చిన్న కథల పుస్తకాలా అని అడిగావు కదా. రెండూ కొనుక్కో, కానీ ఒకేసారి తెరవకు.

ముందు కోర్సు పుస్తకం. అది క్లాసు కోసం తయారైంది, అందుకే "మీ పక్కవారిని అడగండి" అని అడుగడుగునా ఉంటుంది. ఆ అభ్యాసాలు వదిలేయకు, రెండు పాత్రలూ నువ్వే పైకి చదువు. జవాబులు చాలాసార్లు పుస్తకంలో ఉండవు. ప్రచురణ సంస్థ వెబ్‌సైట్‌లో జవాబులు, ఆడియో దొరుకుతాయో లేదో కొనేముందే చూసుకో. నేను అది చూసుకోక, తప్పుగా నేర్చుకున్న వాక్యాలు సరిచేసుకోవడానికి నెలలు పట్టింది.

మొదటి స్థాయి ఎ1 కోర్సు పుస్తకం పూర్తయ్యాకే కథల పుస్తకం తీయి. అది కూడా ఎ1దే, ఎ2 వద్దు. మధ్యలో ఒక పేజీ తెరిచి వంద పదాలు లెక్కపెట్టు. తెలియనివి ఐదు దాటితే ఆ పుస్తకం పక్కన పెట్టు. అలా పెట్టకపోతే నిఘంటువే చదువుతావు, కథ కాదు.

ఇంతా ఎందుకంటే, ఒక్క మాట చూడు. "హ్యోరెన్" అంటే వినడం, "ఔఫ్‌హ్యోరెన్" అంటే ఆపేయడం. ఈ రెండోది వాక్యంలోకి వచ్చేసరికి విడిపోతుంది: "జీ హ్యోర్ట్ ఉమ్ ఆఖ్ట్ ఊర్ మిట్ డెర్ ఆర్బైట్ ఔఫ్." ఆమె ఎనిమిదింటికి పని ఆపేస్తుంది అని అర్థం. నిఘంటువులో "హ్యోరెన్" మాత్రమే వెతికితే ఆమె పనిని వింటోందని వస్తుంది! ఆ "ఔఫ్" వాక్యం చివర కూర్చుందని కోర్సు పుస్తకం ఒక పేజీలో నియమంగా చెప్పి ముందుకు పోతుంది. కథలో అది పదిసార్లు ఎదురయ్యాక, వాక్యం చివరిదాకా ఆగి చూడడం అలవాటవుతుంది.

తెలుగు నీకు సాయం చేసే చోటూ ఉంది. "మియర్ ఇస్ట్ కాల్ట్" అంటే "నాకు చలిగా ఉంది". ఇంగ్లిష్ మీదుగా "ఐ యామ్ కోల్డ్" అని ఆలోచిస్తే "ఇష్ బిన్ కాల్ట్" అంటావు, అది మనసు కరకు అన్నట్టు వినిపిస్తుంది. మన "నాకు" దగ్గర "మియర్" పెట్టుకో. "నాకు నచ్చింది" కూడా అంతే.

బి1 దాటాక ఇలాంటి కథల పుస్తకాలు తక్కువ, పరీక్షలో ఉత్తరం రాయడం, మాట్లాడడం అవి నేర్పవు. అక్కడ మళ్లీ కోర్సు పుస్తకానికే తిరిగి రా.

మొదటి పాఠంలో సంభాషణ రెండు గొంతులతో చదివి వాట్సాప్‌లో పంపు. ఉచ్చారణ నేను చూస్తాను.

నీ పిన్ని