సంతాప కార్డు మీది వాక్యం నా బైబిల్లో ఎందుకు లేదు?

ప్రశ్న: "మా ఆఫీసులో ఒకాయన తండ్రి జ్ఞాపకార్థ కార్డు మీద 'నీతిమంతుల ఆత్మలు దేవుని చేతిలో ఉన్నాయి' అని వేసి, కింద జ్ఞాన 3:1 అని పెట్టారు. సామెతలు 3:1 తీస్తే అది లేదు. యాప్‌లో వెతికినా రాలేదు. ఇది అసలు బైబిల్ వాక్యమేనా?"

బైబిల్ వాక్యమే, కాకపోతే కాథలిక్కుల బైబిల్లోది. నేను లూథరన్, మా ఆవిడ ఆర్.సి.ఎం. రెండు బైబిళ్ళూ ఇంట్లో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఈ చిక్కు మాకు అలవాటే.

మీరు చూసిన 'జ్ఞాన' సొలోమోను జ్ఞానగ్రంథం. కాథలిక్కుల అంత్యక్రియల్లో తరచుగా చదివే భాగం అది. మన 66 పుస్తకాల్లో అది లేదు, వాళ్ళ 73లో ఉంది. తక్కిన ఆరు తోబీతు, యూదితు, సీరా, బారూకు, మక్కబీయులు రెండు. ఇవి కాథలిక్కులు కొత్తగా కలిపినవి అని మా చర్చిలో కొందరు అంటారు గానీ, అది సరికాదు. పూర్వపు గ్రీకు బైబిల్లోనే ఇవి ఉన్నాయి. లూథర్ కూడా 1534 బైబిల్లో వీటిని తీసేయలేదు, పాత కొత్త నిబంధనల మధ్య విడిగా పెట్టాడు.

యాప్‌లో దొరకలేదని వాక్యం కల్పితం అనుకోకండి, ముందు ఆ యాప్‌లో తోబీతు ఉందో లేదో చూడండి. లేకపోతే అది 66 పుస్తకాల బైబిల్.

ఎక్కువమంది తికమకపడేది సీరా దగ్గర. 'నమ్మకమైన స్నేహితుణ్ణి కనుగొన్నవాడు నిధిని కనుగొన్నట్టే' అనే మాట స్నేహం మీద పెట్టే పోస్టుల్లో కనిపిస్తుంది. అది సీరా 6:14. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో సీరాను Ecclus అనీ, ప్రసంగిని Eccl అనీ కుదించి రాస్తారు. రెండక్షరాల తేడానే కాబట్టి జనం ప్రసంగి 6:14 తీస్తారు. అక్కడ ఆరో అధ్యాయం 12వ వచనంతోనే అయిపోతుంది! పైగా ప్రసంగికి మొత్తం 12 అధ్యాయాలే, సీరాకు 51. రిఫరెన్స్‌లో 30, 44 లాంటి అధ్యాయం కనిపిస్తే ఇక ప్రసంగి తిరగేయక్కర్లేదు.

దానియేలు మాత్రం ఇద్దరి దగ్గరా ఉన్న పుస్తకమే అయినా అంకెలు కలవవు. న్యూ అమెరికన్ బైబిల్లో మూడో అధ్యాయం 23వ వచనం తర్వాత, అగ్నిగుండంలో ఆ ముగ్గురు చేసిన ప్రార్థన, పాడిన కీర్తన వస్తాయి. అవి 24 నుంచి 90 దాకా ఉంటాయి. రాజు ఆశ్చర్యపడి లేచాడన్న మాట మనకు 3:24 అయితే వాళ్ళకు 3:91. కాబట్టి దానియేలు 3:52 అని ఎవరైనా ఇస్తే తప్పు అనకండి, అది ఆ కీర్తనలోది. 13, 14 అధ్యాయాలు కూడా వాళ్ళ దానియేలులోనే ఉంటాయి, సూసన్న కథ 13లో ఉంది.

మీ కార్డు వాక్యం పూర్తిగా చదవాలంటే కాథలిక్ బైబిల్ ఒకటి అడిగి తెచ్చుకుని, జ్ఞానగ్రంథం మూడో అధ్యాయం మొదటి తొమ్మిది వచనాలు చూడండి.