పౌండు ధర పైకే ఎందుకు ఎక్కుతుంది: కలంకారీ అంగడి అనుభవం

"విదేశాలకి చేనేత, చేతిపని వస్తువులు ఆన్‌లైన్లో అమ్ముతున్నాం. డాలరు, పౌండు, యూరో ధరలు రౌండ్‌గా ఎట్లా పెట్టుకోవాలి? రేటు మారినప్పుడల్లా మారుస్తూ ఉండాలా?" అని అడిగారు కదా.

మాది తిరుపతిలో కపిలతీర్థం రోడ్డులో చిన్న అంగడి. శ్రీకాళహస్తి కలంకారీ దుపట్టాలు, చీరలు, గోడకు తగిలించే బొమ్మలు అమ్ముతాం. ఆన్‌లైన్లో ఎక్కువగా లండన్ చుట్టుపక్కలకి, కొంచెం అమెరికాకి, మిగతాది కువైట్‌కి పోతుంది. ధరల విషయంలో నేను ఒకసారి చెయ్యి కాల్చుకున్నాను. దాని గురించే చెప్తాను, ఎందుకంటే అందరూ చేసే తప్పు అదేనని నా గట్టి నమ్మకం.

2024 మే నెలాఖరు. ఎండాకాలం సెలవులు, ఊరు ఊరంతా గుండ్లే. ఒకామె కొండ దిగి నేరుగా మా అంగడికే వచ్చింది, తల మీద గంధం ఇంకా ఆరలేదు. లండన్లో ఉంటారట, సొంతూరు పుత్తూరు. మార్చిలో ఉగాదికని మా వెబ్‌సైట్లో జీవవృక్షం దుపట్టా ఒకటి కొన్నారట. అదే దుపట్టా ఇక్కడ చేతిలోకి తీసుకుని వాసన చూసింది (కొత్త కలంకారీకి పాలు, కరక్కాయ కలిసిన వాసన కొన్నాళ్లు పోదు), తర్వాత చీటీ తిప్పి చూసింది. 4,500 రూపాయలు. ఫోన్ తీసి మా సైటే తెరిచి నా ముందు పెట్టింది.

"అన్నా, ఈడ నాలుగున్నర వేలు. మా ఊర్లో చూస్తే 52 పౌండ్లు. పౌండు 106 అనుకున్నా ఐదున్నర వేలు దాటిపోతా ఉంది. పోస్టు ఖర్చు మళ్లీ వేరే. వెయ్యి రూపాయలు ఏంటికి జాస్తి?"

"పేమెంట్ గేట్‌వే వాళ్లు రూపాయల్లోకి మార్చేటప్పుడు కొంత కోస్తారమ్మా" అన్నాను.

"ఎంత?"

"మూడు శాతం."

"అది నూటనలభై. మిగతాది?"

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే నాకే తెలీదు. 44 పౌండ్లకి పెట్టిన దుపట్టా అది. 52 ఎప్పుడైంది, ఎవరు చేశారు? ఆమె మార్చిలో కొన్నది 48కి అని ఆర్డరు చూపించింది. అంటే మధ్యలో ఇంకో నాలుగు పెరిగింది. పౌండు మాత్రం ఎక్కడికీ పోలేదు, ఆ నాలుగు నెలలూ కాస్త అటూ ఇటూ ఊగిందంతే.

ఆమె వెళ్లాక కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఫిబ్రవరి మొదట్లో బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేసే మా తమ్ముడు వచ్చినప్పుడు, "ప్రతి సోమవారం కూర్చుని లెక్కేసుకుంటావా అన్నా" అని ఎగతాళి చేసి ఒక షీట్ చేసిచ్చాడు. అది చేసే పని వినడానికి బాగానే ఉంటుంది: పోయిన వారం అమ్మకపు ధరని తీసుకుంటుంది, రేటు ఎంత మారిందో ఆ నిష్పత్తితో పెంచుతుంది లేదా తగ్గిస్తుంది, పౌండుకి పైకి రౌండ్ చేస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. సులువుగా ఉండటానికి పౌండు ఒక వారం 106, మరు వారం 105, మళ్లీ 106 అనుకుందాం. 44 పౌండ్లతో మొదలు. పౌండు 105కి దిగింది కాబట్టి ధర పెరగాలి: 44 × 106 / 105 = 44.42. పైకి రౌండ్ చేస్తే 45. మరు వారం పౌండు 106కి వచ్చేసింది, ధర దిగాలి: 45 × 105 / 106 = 44.58. పైకి రౌండ్ చేస్తే మళ్లీ 45. దిగలేదు! ఆ పై వారం 45 నుంచి 45.43 అయి 46 అవుతుంది. తర్వాత 45.57 అయి 46 దగ్గరే ఆగుతుంది. రెండు వారాలకొక పౌండు చొప్పున ఎక్కుతూనే ఉంటుంది. పదహారు వారాలకి 52. రేటు మొదలుపెట్టిన చోటే ఉంది, ధర మాత్రం పద్దెనిమిది శాతం పైన కూర్చుంది. బావి గిలకకి పళ్ల చక్రం బిగించినట్టు, పైకి పోతుంది గానీ కిందికి రాదు.

లండన్ ఆర్డర్లు ఏప్రిల్ నుంచి తగ్గితే నేను ఎండలని అనుకున్నాను. లండన్లో ఎండలేందో మరి! డాలరు ధర నేను చేత్తో పెట్టింది, ఆ షీట్లో లేదు కాబట్టి బతికిపోయింది. తమ్ముడికి ఫోన్ చేస్తే "సీలింగ్ పెట్టమన్నది నువ్వే కదా" అన్నాడు. నిజమే, కానీ తప్పు సీలింగ్‌లో, అంటే పైకి రౌండ్ చేయడంలో లేదు. రౌండ్ చేసిన ధరని మళ్లీ రౌండ్ చేయడంలో ఉంది.

మన అసలు ధర రూపాయల్లోనే ఉండాలి. గుడ్డ, కరక్కాయ, పటిక, బొమ్మ వేసే ఆమె కూలి అన్నీ మనం రూపాయల్లోనే ఇస్తాం. పౌండు ధర అనేది ఆ రూపాయి ధరకి నీడ లాంటిది. నీడకి నీడ తీయకూడదు. ఎప్పుడు మార్చినా 4,500 దగ్గర్నుంచే మొదలుపెట్టాలి. ఇప్పుడు నా షీట్లో రెండే వరుసలు. B2 రూపాయి ధర, C2 ఇవాళ్టి రేటు, D2 సైట్లో ఉన్న ధర:

```
=CEILING(B2/(C2*0.97), 1)
=IF(AND(D2*C2*0.97>=B2*0.98, D2*C2*0.97<=B2*1.05), "ఉండనీ", "మార్చు")
```

మొదటిది కొత్త ధర ఎంత ఉండాలో చెప్తుంది. 0.97 అంటే గేట్‌వే కోత మూడు శాతం పోగా మిగిలేది. మీ కోత ఎంతో మీ బ్యాంకులో పడిన డబ్బుని ఆ రోజు రేటుతో పోల్చి చూసుకోండి, వాళ్ల కాగితంలో రాసింది నమ్మొద్దు. నాకు రెండు శాతం అని చెప్పి రేటులో ఇంకొకటి లాగేవారు, అది బిల్లులో ఎక్కడా కనిపించదు. దీని మీద ఇంకో పేజీ తిట్టగలను, వద్దులెండి.

మీ రెండో ప్రశ్నకి జవాబు రెండో వరుసలోనే ఉంది. రేటు మారినప్పుడల్లా మార్చక్కర్లేదు. "సైట్లో ఉన్న ధరకి ఇవాళ అమ్మితే నా చేతికి ఎన్ని రూపాయలు వస్తాయి?" అని మాత్రం అడగండి. 44 పౌండ్లు, రేటు 106 అయితే 4,524 వస్తుంది. 105 అయితే 4,481. పంతొమ్మిది రూపాయల కోసం ధర కదిలించడం దండగ. చేతికొచ్చేది రెండు శాతానికి మించి తగ్గితేనో, ఐదు శాతానికి మించి జాస్తి అయితేనో కదిలిస్తాను.

పై వైపు ఐదు ఎందుకంటే, పౌండుకి రౌండ్ చేస్తున్నాం కదా, 44 మీద ఒక పౌండు అంటేనే రెండు శాతం పైన. అక్కడ కూడా రెండే పెడితే, ఇప్పుడే మార్చిన ధరకే షీట్ "మార్చు" అని మొత్తుకుంటుంది, మార్చబోతే అదే ధర వస్తుంది. మన హద్దు ఎప్పుడూ రౌండ్ చేసే మెట్టు కంటే వెడల్పుగా ఉండాలి.

ఇట్లా పెట్టాక ఆ ఏడాది దుపట్టా ధర రెండేసార్లు మారింది. ఆగస్టు చివర్లో పౌండు 111కి పోతే 42కి దించాను. నవంబరులో 107కి దిగితే మళ్లీ 44. రూపాయి పడినప్పుడు ధర దించేవాడు పిచ్చోడు అంటాడు మా బావ. నేను దించుతాను. నా లెక్కలో రెండు పౌండ్ల తేడాకి ఎవరూ పారిపోరు, ఎనిమిదికి పారిపోతారు. ఆ పుత్తూరు ఆమెలాగ వచ్చి అడిగేవాళ్లు నూటికొకరు, మిగతావాళ్లు మాట్లాడకుండా పోతారు.

మార్చేదేదైనా సోమవారం పొద్దున పదకొండు లోపల చేస్తాను, అప్పటికి లండన్లో ఇంకా తెల్లారుతూ ఉంటుంది. బుట్టలో వేసుకుని డబ్బు కట్టబోయేవాడి కళ్ల ముందు ధర మారితే అంతకంటే అవమానం లేదు. పక్కన ఇంకో గడిలో `=GOOGLEFINANCE("CURRENCY:GBPINR")` పెట్టుకోవచ్చు గానీ, దాన్ని నేరుగా సైటుకి కలపొద్దు. ఒక్కోసారి అది `#N/A` ఇస్తుంది. వారానికొకసారి అంకెని చూసి, చేత్తో C2లో వేసుకోండి, ఐదు నిమిషాల పని.

ఇక రౌండ్ ఎంతకి అనేది. 43.99 అని పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది. అది చెప్పుల అంగడి ధర. పదిరోజులు చేత్తో గీసిన బొమ్మకి ఒక పైసా తగ్గించి ఎవరిని మభ్యపెడతాం? మనవాళ్లు పెళ్లిలో 115.99 చదివిస్తారా? నిండు పౌండు పెట్టండి.

కానీ ఈ నిండు అంకె మోజు కువైట్ దగ్గర దెబ్బతీస్తుంది. రాజంపేట, కోడూరు, రాయచోటి వైపు నుంచి వెళ్లినవాళ్లే నా కొనుగోలుదార్లు. ఆ రోజుల్లో దీనారు 271 రూపాయలు. 600 రూపాయల చిన్న సంచీకి లెక్క 2.28 దీనార్లు వస్తుంది. నిండు దీనారుకి పైకి రౌండ్ చేస్తే 3. అంటే నా చేతికి 789, ఆరొందల సంచీకి! డాలరుకీ పౌండుకీ పెట్టిన మెట్టే దీనారుకి పెడితే జరిగేది ఇది. దీనారుకి వెయ్యి ఫిల్స్ కాబట్టి చిన్న వస్తువులకి యాభై ఫిల్స్ మెట్టు పెట్టాను, సంచీ 2.300 అయింది. దుపట్టాకి అర దీనారు మెట్టు, 17.500. మెట్టు ఎంత ఉండాలో కరెన్సీని బట్టి కాదు, దాని విలువ మీ వస్తువు ధరలో ఎన్నో వంతో చూసి పెట్టుకోండి. రెండు మూడు శాతం దాటితే చిన్నది చేయండి.

జపాన్‌కి అమ్మేవాళ్లు ఒకటి గమనించండి. మన దగ్గర రోజూ ప్రకటించే రిఫరెన్స్ రేటు పట్టికలో యెన్ రేటు వంద యెన్లకి ఇస్తారు, డాలరు, పౌండు, యూరో మాత్రం ఒక్కదానికి. ఆ అంకె అట్లాగే C2లో వేస్తే ధర వందో వంతుకి పడిపోతుంది. నేను వేశాను. 82 యెన్లకి దుపట్టా అని చూపించింది. అదృష్టం బాగుండి ఆ పేజీ ఇంకా బయటికి వదల్లేదు.

పుత్తూరు ఆమెకి ఆ రోజు, మార్చిలో ఎక్కువ కట్టిన నాలుగు పౌండ్లకి బదులు సంచీ ఒకటి చేతిలో పెట్టాను. వద్దు వద్దంటూనే తీసుకుంది. ఇంకో దుపట్టా కూడా కొనింది, రూపాయల్లో.