చిమ్నీ లేకపోతే న్యూక్లియర్ ప్లాంటేనా?

"ఫొటోలో రెండు పెద్ద కూలింగ్ టవర్లు, పక్కన గాలిమరలు, ముందు సోలార్ ప్యానెళ్లు ఉన్నాయి. చిమ్నీ ఎక్కడా లేదు కాబట్టి న్యూక్లియర్, బహుశా ఫ్రాన్స్ అనుకుంటున్నా. కరెక్టేనా? ఇంకా ఏం చూడాలి?"

ఫ్రాన్స్ అని అప్పుడే ఫిక్స్ అవ్వకండి. నేనూ అచ్చం ఇలాంటి ఫొటోకే ఫ్రాన్స్ అనుకుని రెండు సాయంత్రాలు అక్కడి న్యూక్లియర్ ప్లాంట్లన్నీ ఒక్కొక్కటే మ్యాప్‌లో తిరగేశా, చివరికి అది జర్మనీలో నాయ్‌రాట్ అనే లిగ్నైట్ బొగ్గు ప్లాంట్ అని తేలింది.

చిమ్నీ ఎందుకు లేదంటే, బొగ్గు పొగలోంచి సల్ఫర్ తీయడానికి దాన్ని నీళ్లతో కడుగుతారు, దాంతో పొగ చల్లబడి తడిసిపోయి పైకి లేచే బలం పోతుంది. మళ్లీ వేడి చేసి చిమ్నీలోకి పంపే బదులు జర్మనీలో చాలా చోట్ల దాన్ని కూలింగ్ టవర్ లోపలికే వదిలేస్తారు, అక్కడ ఎలాగూ బోలెడంత వెచ్చటి గాలి పైకి పోతూ ఉంటుంది కదా, దాంతో పాటే వెళ్లిపోతుంది. నాయ్‌రాట్‌లో 2012లో మొదలైన రెండు కొత్త యూనిట్లు ఇలాంటివే. పాత యూనిట్లకి చిమ్నీలు ఉన్నాయి గానీ నా ఫొటో ఫ్రేమ్‌లోకి అవి రాలేదు.

అందుకే ఇప్పుడు నేను ముందు చూసేది టవర్ పక్కనున్న బిల్డింగ్. న్యూక్లియర్ రియాక్టర్ బిల్డింగ్ ఈ సైజు టవర్ల పక్కన పొట్టిగా, సగం ఎత్తు కూడా లేకుండా కనిపిస్తుంది, చాలావాటికి పైన గుండ్రటి డోమ్ ఉంటుంది. లిగ్నైట్ బాయిలర్ హౌస్ అలా కాదు, కిటికీల్లేని పెద్ద డబ్బాలాగా టవర్‌తో పోటీపడే ఎత్తులో నిలబడుతుంది. నా ఫొటోలో టవర్లు దాదాపు 170 మీటర్లు, పక్క డబ్బాలు కూడా ఇంచుమించు అంతే, అది నేను చూసి కూడా పట్టించుకోలేదు. జూమ్ చేస్తే ఇంకో ఆధారం కూడా దొరకొచ్చు, ఒక లావుపాటి పైపు టవర్ గోడలోంచి లోపలికి దూరుతూ కనిపిస్తే అది పొగ పైపే. టవర్ పైన తెల్లటి మబ్బు ఉండటం మాత్రం ఏమీ చెప్పదు, అది ఏ ప్లాంట్‌లోనైనా వచ్చే ఆవిరే.

దేశం విషయంలో దారి చూపింది గాలిమర. ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోండి, మర ఆకారం కంపెనీని చెప్తుంది, రెక్కల మీది రంగు దేశం గురించి చెప్తుంది. గుడ్డు ఆకారం తల, మర స్తంభం అడుగున కింద ముదురుగా మొదలై పైకి లేతబడే ఆకుపచ్చ పట్టీలు ఉంటే ఎనర్కాన్ అని చాలావరకు చెప్పేయొచ్చు, కానీ ఎనర్కాన్ జర్మన్ కంపెనీ అయినా మరలు చాలా దేశాలకి వెళ్లాయి కాబట్టి అంతకుమించి లాగొద్దు. రెక్కల మీద ఎర్ర పట్టీలు మాత్రం విమానాల కోసం ఆ దేశం పెట్టిన రూలు. జర్మనీలో 100 మీటర్లు దాటిన మరలకి ఇవి మామూలే, ఫ్రాన్స్‌లో మరలు మొత్తం తెల్లగా ఉంటాయి. పోలండ్‌లోనూ రెక్క చివర ఎరుపు తెలుపు పట్టీలు ఉంటాయి కాబట్టి ఎరుపు కనిపించగానే జర్మనీ అనేయలేం, కానీ ఫ్రాన్స్‌ని పక్కన పెట్టేయొచ్చు. నా ఫొటోలో ఆ పట్టీలు సన్నగా, మబ్బు వెలుతురులో గోధుమరంగులా కనిపించి మొదట మిస్ అయ్యా.

సోలార్ నాకు దిక్సూచిలా పనికొచ్చింది. కదలని ప్యానెళ్లు ఉత్తరార్ధగోళంలో సాధారణంగా దక్షిణం వైపు వాలి ఉంటాయి. నాకు ప్యానెళ్ల వెనక ఫ్రేములు, కాళ్లు కనిపించాయి, అంటే కెమెరా దక్షిణానికి చూస్తోంది, ఫొటో తీసినాయన ప్లాంట్‌కి ఉత్తరాన నిలబడ్డాడు. కానీ ప్యానెళ్లు సూర్యుడి వెంట తిరిగే ట్రాకర్ రకం అయితే ఇది పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే ట్రాకర్ వరసలు ఉత్తరం దక్షిణంగా పరిచి ఉంటాయి, ప్యానెళ్లు పొద్దున తూర్పుకి, సాయంత్రం పడమరకి తిరుగుతాయి. కాళ్లు చూడండి: వరస పొడుగునా ఒకటే వరస స్తంభాలు, వాటి మీద పొడుగ్గా ఒకే గొట్టం ఉంటే ట్రాకర్ అయ్యే ఛాన్స్ ఎక్కువ. ముందు పొట్టి కాలు, వెనక పొడుగు కాలు ఉంటే కదలనిదే.

ఫ్రాన్స్ కాదని, దిక్కు ఏదో తేలాక, ముందు జర్మనీలో వెతుకుదామని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాలో వెతికే ఓవర్‌పాస్ టర్బోలో ఇది రన్ చేశా:

```
[out:json][timeout:60];
area["ISO3166-1"="DE"]->.a;
nwr["man_made"="tower"]["tower:type"="cooling"](area.a);
out center;
```

వచ్చిన చుక్కల్లో పెద్ద బాయిలర్ హౌస్‌లు రెండు, ఒక్కోదానికి ఒక్కో టవర్ ఉన్న ప్లాంట్ల కోసం శాటిలైట్ వ్యూలో వెతికి, ఉత్తరం నుంచి చూస్తే ఏ టవర్ ఎడమకి వస్తుందో సరిపోల్చుకున్నా. ఉత్తరం నుంచి చూస్తున్నప్పుడు తూర్పు ఎడమ చేతి వైపు ఉంటుంది, మ్యాప్‌ని తలకిందులుగా తిప్పి చూస్తే తికమక ఉండదు.

మీ ఫొటోలో ప్యానెళ్ల కాళ్లు, ఒక రెక్క చివర, టవర్ పక్క బిల్డింగ్ ఈ మూడు క్రాప్ చేసి పెట్టండి, చూసి చెప్తా.