పదకొండుకు చెమటలు, వణుకు: 30/70 ఇన్సులిన్

"నాయనకు కొత్తగా 30/70 ఇన్సులిన్ పెట్టినారు. పొద్దున 7కు వేసుకొని చేనికి పోతే 11కి చెమటలు, వణుకు. ఆయనకేం చెప్పాల?"

అన్నా, ఆ సీసాలో రెండు రకాలుంటాయి. 30 వంతుల రెగ్యులర్ అరగంటకు మొదలై 2–4 గంటలకు ఉధృతమవుతుంది. 70 వంతుల ఎన్‌పీహెచ్ సుమారు 4 గంటల నుంచి పుంజుకుంటుంది. 11కి రెండూ కలిసి రక్తంలో చక్కెరను కిందికి లాగుతుంటాయి, పైగా చేని పని. సూదేసుకున్న అరగంటకు టిఫిన్ తినాల్సిందే.

వణుకు రాంగానే షుగర్ మీటర్లో చూడమను. 70 కన్నా తక్కువైతే, లేదా మీటరు దగ్గర లేకున్నా సరే, మూడు నిండు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగాల. బుడ్డలు, సంగటి అప్పటికప్పుడు పనికిరావు, నిదానంగా ఎక్కుతాయి. 15 నిమిషాలకు మళ్లీ చూసి, ఇంకా తక్కువుంటే మళ్లీ అంతే చక్కెర, సర్దుకున్నాకే తిండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

ఈ 11 గంటల సంగతి డాక్టరుకు ఈ రోజే చెప్పు, డోసు మార్చాల్సి రావచ్చు.